కుడివాలు, ఎడమవాలు: జాలీ అల్లికలో తగ్గింపులకు జత కుదర్చడం

పోయిన డిసెంబరులో మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉండే వదినగారు తాను అల్లుతున్న కాటన్ స్టోల్‌ను తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచారు. తెల్లటి దారంతో వరుసగా డైమండ్ బొమ్మలు వేశారు. ప్రతి డైమండ్‌లోనూ కింది సగంలో కుడివైపు గీత సన్నని తీగలా నున్నగా సాగుతుండగా, ఎడమవైపు గీత మాత్రం రంపపు పళ్ళలా తెగి తెగి కనిపించింది. "వదినగారూ, లెక్కయితే ఎక్కడా తప్పలేదండీ, పదకొండు కుట్లకు పదకొండూ ఉన్నాయి. మరి ఎడమ పక్క ఇలా ఎందుకు వచ్చింది?" అని ఆవిడ నన్ను అడిగారు. నిజమే, లెక్క తప్పలేదు. తగ్గింపు ఎక్కడ వచ్చినా ఆవిడ రెండు కుట్లను కలిపి ఒక సీదాగా అల్లేశారు. కుట్ల సంఖ్య దృష్ట్యా అది సరైన పనే, కానీ ఆ తగ్గింపు ఎప్పుడూ కుడివైపుకే వాలుతుంది, ఎడమవైపు గీతకు అది పనికిరాదు.

ఎడమవాలు తగ్గింపును మూడు నాలుగు విధాలుగా వేయవచ్చు. వాటిలో ఏది కుడివాలుకు సరైన జత అన్నది దారాన్ని బట్టీ, చేతివాటాన్ని బట్టీ మారుతుంది. ఆ ఎంపిక ఎలా చేసుకోవాలో ఆ డైమండ్‌నే ముందు పెట్టుకుని వివరిస్తాను. మా చుట్టుపక్కల అల్లిక నేర్చుకున్నవారు నిట్‌ను సీదా అనీ, పర్ల్‌ను ఉల్టా అనీ అంటారు కనుక నేనూ అవే మాటలు వాడతాను. అన్నట్టు, లేస్ అనగానే మన తెలుగువారికి ముందు నరసాపురం గుర్తుకు వస్తుంది. అది క్రోషే పని, ఒకే కొక్కెంతో ఒక్కొక్క కుట్టునూ అప్పటికప్పుడే ముగించుకుంటూ పోతారు కనుక అందులో ఈ చిక్కు రాదు. రెండు సూదుల అల్లికలో కుట్లు సూది మీద వరుసగా నిలబడి ఉంటాయి, తగ్గించినప్పుడు ఒక కుట్టు ఇంకొకదాని మీదకు ఎక్కుతుంది. ఏది పైకి ఎక్కిందన్నదాన్ని బట్టే వాలు ఏర్పడుతుంది.

వాలు ఎవరిది

జాలీ అల్లికలో కుట్టును పెంచేది యార్న్ ఓవర్, అంటే దారాన్ని సూది మీదుగా ఒకసారి వేసుకుని ముందుకు సాగడం. దాని వల్ల రంధ్రం పడుతుంది, ఒక కుట్టు పెరుగుతుంది, కానీ ఆ రంధ్రానికి కుడి ఎడమలు లేవు. పెరిగిన ఆ ఒక్క కుట్టును సరిచేయడానికి పక్కన వేసే తగ్గింపుకే వాలు ఉంటుంది. కాబట్టి జాలీలో రంధ్రాల గీత నున్నగా వచ్చిందా, గరుకుగా వచ్చిందా అన్నది పూర్తిగా తగ్గింపు మీదే ఆధారపడి ఉంటుంది.

నమూనాల్లో k2tog అని రాసి ఉండే తగ్గింపులో, కుడి సూది ఎడమ సూది మీది రెండవ కుట్టులోకి ముందుగా దూరి, ఆ తర్వాత మొదటి కుట్టులోకి వెళ్తుంది. రెండింటినీ కలిపి సీదా అల్లగానే ఎడమ పక్కన ఉన్న కుట్టు పైకి వచ్చి కుడివైపుకు వాలుతుంది. ఇదే కుడివాలు. ssk అని రాసి ఉండే తగ్గింపులో రెండు కుట్లను ఒక్కొక్కటిగా, సీదా అల్లబోతున్నట్టుగా సూదిని దూర్చి కుడి సూది మీదకు జార్చుకుని, ఎడమ సూదిని ఆ రెండింటి ముందు కాళ్ళలోకి, అంటే సూదికి మన వైపున్న దారపు పాయల్లోకి దూర్చి కలిపి అల్లుతాము. ఇక్కడ కుడి పక్కన ఉన్న కుట్టు పైన నిలిచి ఎడమవైపుకు వాలుతుంది. అల్లిక ముఖం నుంచి చూస్తే రెండూ వాలిన అక్షరంలాంటి చిన్న గుర్తుల్లా కనిపిస్తాయి. పటాల్లో కూడా కుడివాలును కుడికి వంగిన గీతతో, ఎడమవాలును ఎడమకు వంగిన గీతతో చూపడం అందుకే.

గీత ఎటు పోతున్నదో చూసి వాలును ఎంచుకోవాలి. వరుస వరుసకూ రంధ్రాలు ఎడమవైపుకు జరుగుతూ పోతుంటే, ముందు యార్న్ ఓవర్, వెంటనే ఎడమవాలు తగ్గింపు వేయాలి. అప్పుడు కింది వరుసలో వేసిన తగ్గింపు కుట్టే పై వరుసలో మళ్ళీ పైకి వచ్చి నిలుస్తుంది, అదే కుట్టు ఒక్కో మెట్టు ఎడమకు ఎక్కుతూ తెగకుండా సాగిపోతుంది. రంధ్రాలు కుడివైపుకు జరుగుతూ పోతుంటే ముందు కుడివాలు తగ్గింపు, వెంటనే యార్న్ ఓవర్ రావాలి. వదినగారి స్టోల్‌లో జరిగింది దీనికి విరుద్ధం. ఎడమకు జరిగే గీతలో ఆవిడ కుడివాలు వేసేసరికి, ప్రతి వరుసలోనూ ఎడమ పక్కనున్న కొత్త కుట్టు వచ్చి కింది వరుస తగ్గింపును కప్పేసింది. అందుకే అక్కడ తీగ లేదు, కప్పబడిన కుట్ల అంచులు మాత్రమే పళ్ళలా మిగిలాయి.

అయితే ఆ పళ్ళ రూపమే కావాలనుకునే సందర్భాలూ లేకపోలేదు. ఈకలాగా, ఆకు ఈనెల్లాగా కుట్ల నిలువు వరుసలు గీతను చేరి ఒక్కొక్కటిగా ఆగిపోవాలనుకుంటే, గీతకు ఎదురుగా వాలే తగ్గింపునే రెండు వైపులా వేస్తారు. అది తప్పు కాదు. ఒక పక్క తీగ, ఇంకో పక్క ఈక వచ్చినప్పుడే కంటికి వెలితిగా ఉంటుంది.

డైమండ్ వరుస వరుసగా

ఆవిడ అల్లిన బొమ్మ పదకొండు కుట్ల మీద, పదహారు వరుసల్లో పూర్తయ్యేది. ముఖం వైపు వరుసలు ఇవి. k అంటే సీదా, పక్కనున్న అంకె ఎన్ని కుట్లో చెబుతుంది, yo అంటే యార్న్ ఓవర్. సరి సంఖ్య వరుసలన్నీ ఉల్టా.

```
1:  k3, k2tog, yo, k1, yo, ssk, k3
3:  k2, k2tog, yo, k3, yo, ssk, k2
5:  k1, k2tog, yo, k5, yo, ssk, k1
7:  k2tog, yo, k7, yo, ssk
9:  k1, yo, ssk, k5, k2tog, yo, k1
11: k2, yo, ssk, k3, k2tog, yo, k2
13: k3, yo, ssk, k1, k2tog, yo, k3
15: k4, yo, sl2-k1-p2sso, yo, k4
```

మొదటి నాలుగు ముఖపు వరుసల్లో గీతలు మధ్య నుంచి బయటికి విడిపోతున్నాయి, కనుక కుడి భుజానికి కుడివాలు, ఎడమ భుజానికి ఎడమవాలు వేశాము. తొమ్మిదో వరుస నుంచి గీతలు మధ్యకు తిరిగి వస్తున్నాయి. ఇప్పుడు కుడి భుజం ఎడమకు జరుగుతోంది, కాబట్టి దానికి ఎడమవాలు కావాలి, అలాగే ఎడమ భుజానికి కుడివాలు. తగ్గింపు, యార్న్ ఓవర్ల వరుస కూడా తిరగబడిందని గమనించండి: కింది సగంలో యార్న్ ఓవర్ తగ్గింపుకు లోపలివైపున ఉంటే, పై సగంలో బయటివైపుకు వచ్చింది. "కుడి పక్కన ఎప్పుడూ k2tog" అని కంఠస్థం చేసినవారు సరిగ్గా ఈ తొమ్మిదో వరుస దగ్గరే తడబడతారు. పక్కను కాదు, గీత పోయే దిక్కును గుర్తుంచుకోవాలి.

పదిహేనో వరుసలో మూడు కుట్లు ఒకటవుతాయి. ఇక్కడ మూడు దారులున్నాయి. మూడింటినీ కలిపి సీదా అల్లితే కుడికి వాలుతుంది. ఒకటి జార్చి, రెండు కలిపి అల్లి, జార్చినదాన్ని పై నుంచి దాటిస్తే ఎడమకు వాలుతుంది. రెండు కుట్లను ఒకేసారి సీదా దిక్కున జార్చి, మూడవది అల్లి, ఆ రెంటినీ దాని మీదుగా దాటిస్తే మధ్య కుట్టు నిటారుగా పైన నిలుస్తుంది. పాత నమూనాల్లో చాలాచోట్ల రెండవ పద్ధతి కనిపిస్తుంది. దానితో డైమండ్ శిఖరం దగ్గర కుడి భుజపు తీగ ఎడమ భుజం మీదకు ఎక్కి కూర్చుంటుంది. ఒక్క డైమండ్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, స్టోల్ పొడవునా ముప్ఫై నలభై శిఖరాలు ఒకే పక్కకు తల వంచితే బొమ్మంతా ఒరిగినట్టుగా ఉంటుంది. భుజాలు రెండూ సమానంగా కలిసే చోట మధ్య కుట్టు నిలబడే మూడవ పద్ధతినే, అంటే నమూనాలో sl2-k1-p2sso అని రాసినదాన్నే నేను వాడతాను, అది భుజాలు రెంటినీ తన కిందకు సమంగా తీసుకుంటుంది.

ఎడమవాలులో ఏది మేలు

కుడివాలు విషయంలో ఎంపిక చేసుకోవలసింది ఏమీ లేదు, రెండు కుట్లూ సూది దిగకుండానే కలిసిపోతాయి, చేయి ఎవరిదైనా ఇంచుమించు ఒకేలా వస్తుంది. చిక్కంతా ఎడమవాలుతోనే. దిక్కు సరిచేశాక కూడా వదినగారి రెండవ ప్రయత్నంలో ఎడమ తీగ కుడి తీగ కంటే లావుగా, కొంచెం వదులుగా కనిపించింది. కారణం ఆవిడ చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతి.

అది ఒక కుట్టు జార్చి, తర్వాతిది అల్లి, జార్చినదాన్ని ఎడమ సూది మొనతో ఎత్తి దాటించే పద్ధతి. పైన కనబడే కుట్టు సరిగ్గా ఆ ఎత్తి దాటించినదే. సూది మొన దాన్ని లాగిన ప్రతిసారీ పక్క కుట్ల నుంచి కాస్త దారం దానిలోకి వచ్చి చేరుతుంది, దిగాక అది మళ్ళీ తిరిగి పోదు. అందుకని పైకుట్టు పెద్దదై ఉబ్బుతుంది. ఈ పద్ధతికి ఉన్న సుఖం వేగమే. మొహైర్ వంటి నూగు దారంలో ఉబ్బు కనిపించదు కనుక అక్కడ దీన్ని వాడుకోవచ్చు. నున్నని కాటన్‌లో వద్దు.

రెండవది పైన చెప్పిన ssk. ఇందులో దాటించడం లేదు కనుక లాగుడు తగ్గుతుంది, కానీ కుట్లు ఒక సూది నుంచి ఇంకొకదానికి మారుతూ కొంచెం సాగుతాయి. సూది మొనల దగ్గరే, సన్నని భాగంలోనే జార్చుకుంటే ఈ సాగుడు చాలా వరకు అదుపులో ఉంటుంది. చాలామంది రెండు కుట్లను కలిపి ఒకేసారి జార్చేస్తారు. అలా చేస్తే వాటి దిక్కు విడివిడిగా తిరగదు, తగ్గింపు వేరేలా కూర్చుంటుంది. ఒక్కొక్కటిగానే జార్చాలి.

మూడవది ఏమీ జార్చకుండా రెండు కుట్లనూ వెనుక కాళ్ళలో సూదిని దూర్చి కలిపి అల్లడం. ఇది బిగువుగా, చిన్నగా వస్తుంది, ఎడమకే వాలుతుంది, అయితే రెండు కుట్లూ మెలిపడతాయి. పైన కనబడే కుట్టు కాళ్ళు మొదట్లో ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కనుక, పక్కనున్న కుడివాలు తగ్గింపులో తెరిచి ఉన్న కాళ్ళతో పోల్చితే తేడా తెలిసిపోతుంది. ముదురు రంగులో దూరం నుంచి చూసే కర్టెన్‌కు ఫరవాలేదు గానీ, తెల్లటి స్టోల్‌కు నేను దీన్ని ఎంచుకోను.

నాలుగవది ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. మొదటి కుట్టును సీదా దిక్కున జార్చి, రెండవదాన్ని మాత్రం ఉల్టా దిక్కున, అంటే తిప్పకుండా ఉన్నది ఉన్నట్టుగా జార్చి, తర్వాత ssk లో లాగే ఎడమ సూదిని రెంటి ముందు కాళ్ళలోకి దూర్చి కలిపి అల్లడం. పైకుట్టు తెరిచే ఉంటుంది, అడుగున దాగిన కుట్టు ఒక్కటే మెలిపడుతుంది. ఆ మెలి అడుగు కుట్టును కుదించి తగ్గింపును చదునుగా పడుకోబెడుతుంది, మెలి మాత్రం బయటికి కనబడదు. ఇదే ఫలితాన్ని తక్కువ కదలికతో కూడా పొందవచ్చు: మొదటి కుట్టును తిప్పి తిరిగి ఎడమ సూది మీదకే వేసుకుని, రెండింటినీ వెనుక కాళ్ళలో కలిపి అల్లాలి. హైదరాబాదులో కాటన్, ఆక్రిలిక్ దారాలతో అల్లేవారికి నేను ముందుగా చెప్పేది ఈ నాలుగవ పద్ధతే.

ఎందుకంటే దారం సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. అచ్చమైన ఉన్నితో అల్లిన జాలీని తడిపి, పిన్నులతో చాచి ఆరబెడితే కుట్లు సర్దుకుంటాయి, ssk లోని కొద్దిపాటి వదులు పక్క కుట్లలోకి పంచుకుపోతుంది. ఉన్నితో అల్లేవారు మామూలు ssk తోనే తృప్తి పడటానికి అదే కారణం. మనకు కోఠీ, సికింద్రాబాదు జనరల్ బజారు వైపు దుకాణాల్లో సులువుగా దొరికేవి ఎక్కువగా ఆక్రిలిక్, కాటన్. మన చలికాలానికి అంతకు మించిన వెచ్చదనం అక్కరలేదు కూడా. కాటన్‌కు సాగే గుణం దాదాపు లేదు, కనుక ఎక్కడ చేరిన వదులు అక్కడే ఉండిపోతుంది. ఆక్రిలిక్‌ను తడిపి ఆరబెట్టినా మళ్ళీ మొదటి రూపానికే వస్తుంది, ఆవిరి ఎక్కువ తగిలితే శాశ్వతంగా చచ్చుబడి వేలాడుతుంది. అంటే అల్లికలో దొర్లిన తేడాను తర్వాత సరిదిద్దుకునే వీలు తక్కువ, సూది మీదే జత కుదరాలి.

చేతివాటం తేడా మాటలతో తేలదు, అల్లి చూడవలసిందే. నాలుగు పాయల కాటన్ దారం, 9వ నంబరు సూదులు, అంటే 3.75 మిల్లీమీటర్లవి తీసుకుని, నమూనాకు పదకొండు, అంచులకు మూడేసి చొప్పున మొత్తం పదిహేడు కుట్లు వేయండి. అంచు కుట్లు ప్రతి వరుసలోనూ సీదాగానే అల్లండి. (మన దుకాణాల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని మరచిపోకండి, 10వ నంబరు 3.25 మాత్రమే.) పై నమూనాలో మొదటి ఎనిమిది వరుసలే మళ్ళీ మళ్ళీ అల్లుతూ, ఒక్కో విడతలో ఎడమ భుజానికి ఒక్కో పద్ధతి వాడండి. నాలుగు విడతలు పూర్తయ్యాక ముక్కను ఉతికి, ఆరబెట్టి, కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. దగ్గరగా కాదు, చేయి చాచినంత దూరంలో. ఏ విడతలో కుడి, ఎడమ తీగల మందం తేడా కళ్ళకు వెంటనే తట్టదో అదే మీ చేతికి, ఆ దారానికి తగిన పద్ధతి. వదినగారి ముక్కలో నాలుగవదే నెగ్గింది. నా చేయి కొంచెం బిగువు, నాకు మామూలు ssk కీ దానికీ తేడా కనబడలేదు.

ఎవరికీ జత కుదరని ఒక సందర్భం

వదినగారి ముక్క చూస్తుండగా ఇంకొకటి బయటపడింది. ఆవిడ ఉల్టా వరుసల్లో దారాన్ని సూది చుట్టూ మామూలు దిక్కుకు ఎదురుగా, కింది నుంచి తీసుకుంటారు. అలా అల్లినప్పుడు తర్వాతి వరుసలో ప్రతి కుట్టుకూ కుడికాలు సూదికి వెనుకవైపు నిలుస్తుంది. ఆవిడ సీదా వరుసలో వెనుక కాళ్ళలోంచే అల్లుతారు కనుక మామూలు గుడ్డలో మెలి ఏమీ రాదు, పనీ వేగంగా సాగుతుంది. కానీ తగ్గింపు వచ్చేసరికి పుస్తకంలోని మాటలన్నీ తలకిందులవుతాయి. వెనుక కాళ్ళలో రెండు కలిపి అల్లితే ఎడమవాలు ఏ మెలీ లేకుండా, ఏదీ జార్చకుండానే దొరుకుతుంది. కుడివాలుకే ఇప్పుడు కష్టం, ముందు రెండు కుట్లనూ తిప్పి పెట్టుకుని ఆ తర్వాత ముందు కాళ్ళలో కలిపి అల్లాలి.

మీరు అలా అల్లుతున్నారో లేదో తెలుసుకోవడం తేలికే. ఉల్టా వరుస ముగించి తిప్పాక ఎడమ సూది మీది మొదటి కుట్టును చూడండి. దాని కుడికాలు సూదికి ఇటువైపు, మీ వైపు ఉంటే మామూలు పద్ధతి, అటువైపు ఉంటే వదినగారి పద్ధతి. ఇది తేల్చుకోకుండా పద్ధతులను పోల్చడం వృథా, ఎందుకంటే ఒకరికి బిగువుగా వచ్చేది ఇంకొకరికి మెలిపడి వస్తుంది. అద్దంలో చూసినట్టు ఎడమచేతి వైపు నుంచి అల్లేవారికి మరో మాట: వారు k2tog వేస్తే అది ఎడమకు వాలుతుంది, పటంలోని గీతలను బట్టి కాక గీత దిక్కును బట్టే వెళ్ళాలి.

కొన్ని నమూనాలకు ఈ శ్రమ అసలు అక్కరలేదు. షెట్లాండ్ దీవుల నుంచి వచ్చిన ఓల్డ్ షేల్ అనే అలల నమూనాలో పద్దెనిమిది కుట్ల మీద మూడుసార్లు రెండేసి కలిపి, ఆరుసార్లు యార్న్ ఓవర్‌తో ఒక్కో కుట్టు అల్లి, మళ్ళీ మూడుసార్లు రెండేసి కలుపుతారు. చాలామంది అన్నింటినీ కుడివాలుతోనే అల్లుతారు, తగ్గింపులు ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉండటం వల్ల ఏది ఎటు వాలిందో కన్ను వెతకదు. అలాగే రెండు వైపులా సీదాయే అల్లే గార్టర్ నేల మీద గట్ల మధ్య వాలు మునిగిపోతుంది. ఎడమవాలు కోసం తంటాలు పడవలసింది నున్నని నేల మీద, ఒంటరి గీతల్లోనే.

ఉల్టా వైపు తగ్గింపులు, రంధ్రం లేని పెంపులు

సన్నని జాలీల్లో కొన్నిసార్లు ఉల్టా వరుసల్లోనూ తగ్గింపులు వస్తాయి. రెండు కుట్లు కలిపి ఉల్టా అల్లితే ముఖం వైపు నుంచి అది కుడివాలుగానే కనిపిస్తుంది. ఎడమవాలు కావాలంటే రెండు కుట్లను ఒక్కొక్కటిగా సీదా దిక్కున జార్చి, తిప్పినవి తిప్పినట్టుగా ఎడమ సూదికి తిరిగి ఇచ్చి, సూదిని వెనుక నుంచి ముందు రెండవ కుట్టులోకి, తర్వాత మొదటి కుట్టులోకి దూర్చి కలిపి ఉల్టా అల్లాలి. మణికట్టు కాస్త మెలితిరుగుతుంది, తప్పదు. పటంలోని గీత ఎప్పుడూ ముఖం వైపు నుంచి కనబడే వాలునే చూపుతుంది కనుక, ఉల్టా వరుసలో గీతను చూసి ముఖం వైపు పేరును యథాతథంగా పాటించకూడదు.

రంధ్రం అక్కరలేని చోట, ముఖ్యంగా శాలువా మధ్య కుట్టుకు రెండు పక్కలా గుడ్డను విప్పుతూ పోవాలనుకున్నప్పుడు, పెంపులకూ వాలు వస్తుంది. రెండు కుట్ల మధ్య అడ్డంగా ఉన్న దారపు పోగును ఎడమ సూదితో వెనుక నుంచి ముందుకు ఎత్తి, ముందుకాలిలో అల్లితే అది కుడివాలు పెంపు. ముందు నుంచి వెనుకకు ఎత్తి, వెనుక కాలిలో అల్లితే ఎడమవాలు పెంపు. మధ్య కుట్టుకు ముందు కుడివాలు, తర్వాత ఎడమవాలు వేస్తే రెండు పక్కలా బయటికి విచ్చుకుంటాయి. ఎత్తిన దిక్కు, అల్లిన కాలు పొసగకపోతే పోగు మెలిపడదు, చిన్న రంధ్రం మిగిలిపోతుంది. పెంపు దగ్గర అనుకోని రంధ్రం కనిపించిందంటే ఆ తప్పే జరిగిందని అర్థం. ఒకే కుట్టులో ముందూ వెనుకా రెండుసార్లు అల్లే పెంపు చాలామందికి అలవాటే గానీ, దాని పక్కన ఒక అడ్డపు గడ్డి పరకలాంటి గుర్తు ఎప్పుడూ ఎడమ పక్కనే పడుతుంది. దానికి అద్దపు జత సులువుగా దొరకదు కనుక జాలీ దగ్గర నేను దాన్ని వాడను.

ఇక తప్పు దిక్కుకు వాలిన తగ్గింపును గుర్తించినప్పుడు వెంటనే స్టోల్ అంతా విప్పనక్కరలేదు. దాని పైన ఒక్క ఉల్టా వరుస మాత్రమే ఉంటే, ఆ కుట్టు వరకు అల్లుకుంటూ వచ్చి, ఆ ఒక్క కుట్టును సూది నుంచి దించి తగ్గింపు దాకా జారవిడవండి. రెండు కుట్లు విడిపడతాయి, వాటి వెనుక అడ్డంగా రెండు పోగులు మిగులుతాయి. ఆ రెండు కుట్లనూ ఎడమ సూది మీదకు తీసుకుని, కింది పోగుతో సరైన వాలు తగ్గింపు వేసి, పై పోగును క్రోషే కొక్కెంతో ముఖం వైపు నుంచి ఆ కుట్టులోంచి లాగితే పని అయిపోతుంది. పక్కనున్న యార్న్ ఓవర్ జారిపోకుండా ముందే వేలితో పట్టుకోవాలి. రెండు మూడు తగ్గింపులు వరుసగా ఒకదాని మీద ఒకటి పేరుకున్నాక ఈ చిట్కా పనిచేయదు, తగ్గింపు ప్రతి వరుసలోనూ ఒక కుట్టు పక్కకు జరుగుతుంది కనుక ఒకే నిలువులో దిగే వీలుండదు. వదినగారు ఆ స్టోల్‌ను మొదటి డైమండ్ దాకా విప్పేశారు. ఉతకని కాటన్ కనుక దారం వంకర్లు పోకుండా బాగానే వచ్చింది, సంక్రాంతి సెలవుల్లో నాలుగవ పద్ధతితో మళ్ళీ మొదలుపెట్టారు.